డబ్బు కట్ అయింది, ఫీజు కట్టలేదంటోంది

ఎప్‌సెట్ వంటి పరీక్షకు యూపీఐతో ఫీజు కట్టినప్పుడు డబ్బు దరఖాస్తుదారు బ్యాంకు నుంచి పేమెంట్ గేట్‌వే ద్వారా పరీక్ష నిర్వాహకులకు చేరుతుంది. ఖాతాలో డబ్బు కట్ అయ్యాక, ఆ సమాచారం వెబ్‌సైట్‌కు అందకపోతే పేజీలో ‘ఫెయిల్డ్’ అని వస్తుంది. అది తుది మాట కాకపోవచ్చు. అందుకే వెంటనే మళ్లీ కట్టకుండా, ఎప్‌సెట్ సైట్‌లో ఫీజు చెల్లింపు స్థితి తెలిపే లింకును కొన్ని గంటల తర్వాత చూడాలి. చెల్లింపు నమోదైతే దరఖాస్తు నింపడం కొనసాగించవచ్చు.

యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీని తెరిస్తే 12 అంకెల యూటీఆర్ నంబరు కనిపిస్తుంది. ఫిర్యాదుకు అసలు ఆధారం అదే. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు.

నిర్వాహకులకు చెల్లింపు ఖరారు కాకపోతే, రిజర్వు బ్యాంకు 2019 నిబంధన ప్రకారం లావాదేవీ తేదీ తర్వాత 5 రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆపై ఆలస్యానికి రోజుకు 100 రూపాయల పరిహారం. 10వ తేదీన కట్ అయిన 600 రూపాయలు 18న తిరిగొస్తే, గడువు 15నే ముగిసింది కాబట్టి మరో 300 రావాలి. బ్యాంకు 30 రోజుల్లో పరిష్కరించకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

డబ్బు నిర్వాహకులకు చేరిపోతే మాత్రం ఈ నిబంధన వర్తించదు. యూటీఆర్‌తో వారి హెల్ప్‌డెస్క్‌కే రాయాలి. దరఖాస్తుకు ఆఖరి రోజైతే ఆగడం ప్రమాదం. రెండోసారి కట్టేసి, మొదటి మొత్తం కోసం తర్వాత అడగడమే మేలు.