పోలిక శాతం వెనుక ఎడిటర్ చూసేది

పరిశోధన పత్రికకు వచ్చిన వ్యాసాన్ని చాలాచోట్ల ముందుగా ఐథెంటికేట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. అది వ్యాసంలోని మాటల వరుసను అచ్చయిన వ్యాసాలతో, వెబ్ పేజీలతో పోల్చి, కలిసినచోట రంగు పూసి, మొత్తం ఎంత కలిసిందో శాతంలో చెబుతుంది. కలిసిన వాక్యం కాపీనా, కాదా అన్నది దానికి తెలియదు. అది తేల్చాల్సింది ఎడిటరే.

మన విశ్వవిద్యాలయాల్లో 10 శాతం అనే అంకె బాగా పాతుకుపోయింది. యూజీసీ 2018 నిబంధనల్లో అంతవరకు పోలికకు శిక్ష లేకపోవడమే అందుకు కారణం. పత్రికలు మాత్రం తమ గీతలు తామే గీసుకుంటాయి. ఆ గీత కూడా ఎక్కడ ఆగి చూడాలో చెప్పే గుర్తే తప్ప తీర్పు కాదు.

వేరుశనగపై రెండు వ్యాసాలు వచ్చాయనుకుందాం. మొదటిదాని పోలిక 27 శాతం. అందులో 12 శాతం శోధ్‌గంగలో ఉన్న రచయిత సొంత పీహెచ్‌డీ థీసిస్‌తో, 6 శాతం ప్రయోగ పద్ధతుల వర్ణనతో కలిసింది. మిగతాది పదుల కొద్దీ మూలాలతో, ఒక్కోదానితో ఒక శాతం లోపే. రెండోదానికి 11 శాతమే. కానీ అందులో 7 శాతం ఒకే పరాయి వ్యాసం నుంచి వచ్చింది, అదీ ఫలితాల చర్చలో. ఎడిటర్‌ను ఎక్కువ కలవరపెట్టేది ఈ రెండోదే. పద్ధతులు చెప్పేటప్పుడు మాటలు కలవడం సహజం, చర్చలో కలిస్తే ఆలోచనే అరువు తెచ్చుకున్నట్టు. అందుకే మొత్తం అంకె కన్నా ముందు ఒక్కో మూలం వాటా, అది పడిన చోటు చూస్తారు. గ్రంథసూచిని, కొటేషన్ గుర్తుల్లోని భాగాన్ని లెక్కలోంచి తీసేశారో లేదో కూడా చూస్తారు.

మొదటి రచయిత థీసిస్ సంగతి ఎడిటర్‌కు రాసే లేఖలో చెప్పి, వ్యాసంలోనూ పేర్కొంటే సగం చిక్కు తీరుతుంది. పద్ధతుల దగ్గర పాత వ్యాసాన్ని ఉదహరించి, ఈసారి మార్చినదాన్ని మాత్రం వివరిస్తే చాలు.

రెండో రచయితకు పని ఎక్కువ. ‘పూత దశలో నీటి ఎద్దడి వస్తే దిగుబడి బాగా తగ్గుతుంది’ అన్న పరాయి వాక్యంలో ‘తగ్గుతుంది’ తీసి ‘క్షీణిస్తుంది’ అని పెడితే శాతం కాస్త దిగవచ్చు, వాక్యం మాత్రం అవతలివారిదే. పైగా మూలాన్ని ఉదహరించినా కొటేషన్ గుర్తులు లేకుండా వారి మాటలనే వాడటం తప్పే. మూలాన్ని పక్కన పెట్టి సొంత పట్టికలోంచి మొదలెట్టాలి: ‘మా మళ్లలో పూత దశలో తడి ఆపినచోట ఊడలు తక్కువగా దిగాయి, ఫలానావారి ఫలితమూ ఇదే, అయితే వారిది నల్లరేగడి, మాది ఎర్ర చల్క’. ఇలా రాశాక ఆ పేరాలో రచయిత చెప్పదలచుకున్నది ఏమీ మిగలకపోతే దాన్ని కొట్టేయడమే మేలు.

అక్షరాల మధ్య కనిపించని తెల్ల అక్షరాలు చేర్చడం, ఇంగ్లిషు అక్షరం బదులు అలాగే కనిపించే రష్యన్ అక్షరం పెట్టడం వంటి ఎత్తులను ఇప్పటి సాఫ్ట్‌వేర్ పసిగట్టగలదు. దొరికితే పోలిక సంగతి పక్కకు పోయి మోసం సంగతి ముందుకొస్తుంది.

తిరిగి పంపేటప్పుడు ఏ పేజీలో ఏ పేరా తిరగరాశారో, ఏది ఎందుకు అలాగే ఉంచారో లేఖలో రాయాలి. తమ కాలేజీలో తీసిన రిపోర్టులో 8 శాతమే వచ్చిందని వాదించి లాభం లేదు. డేటాబేస్, సెట్టింగులు వేరైతే అదే వ్యాసానికి వేరే అంకె వస్తుంది.