కాలం తీరిన సర్టిఫికెట్, కనిపించని 76 రోజులు

అప్పు అడిగిన మనిషికి ఇక్కడ బ్యాంకులు సిబిల్ స్కోరు చూస్తాయి. అమెరికాలో అలాంటి లెక్కలు రాసే పెద్ద సంస్థల్లో ఈక్విఫాక్స్ ఒకటి, దాని కేంద్రం అట్లాంటాలో ఉంది. 2017లో ఈ సంస్థ కంప్యూటర్లలోంచి సుమారు 14.8 కోట్ల మంది వివరాలు చోరీ అయ్యాయి. ఆ మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం, ప్రతినిధుల సభ పర్యవేక్షణ సంఘం వేర్వేరుగా నివేదికలు వెలువరించాయి. దొంగల తెలివి కన్నా ఇంటివాళ్ల ఏమరుపాటే ఆ రెండింట్లోనూ ఎక్కువ చోటు తీసుకుంది.

కథ 2017 మార్చి 7న మొదలవుతుంది. వెబ్‌సైట్లు తయారు చేయడానికి వాడే అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం ఉందని ఆ రోజు బయటపడింది. CVE-2017-5638 అన్నది దాని గుర్తింపు సంఖ్య. లోపాన్ని సరిచేసే ప్యాచ్ కూడా అప్పటికే సిద్ధంగా ఉంది. మరునాడే ప్రభుత్వ సైబర్ విభాగం ఈక్విఫాక్స్‌ను హెచ్చరించింది. 9వ తేదీన సంస్థలో 400 మందికి పైగా ఉద్యోగులకు మెయిల్ వెళ్లింది: 48 గంటల్లో ప్యాచ్ వేయాలి. చిక్కేమిటంటే, ఆ మెయిల్ జాబితా పాతది. చేరాల్సిన వాళ్లలో కొందరికి అది చేరనే లేదు. మార్చి 15న లోపం ఎక్కడెక్కడ ఉందో వెతకడానికి స్కాన్ చేశారు. ఏమీ దొరకలేదు. లోపం మాత్రం ఉన్నచోటే ఉంది.

అది ఉన్నది ఏసీఐఎస్ అనే పోర్టల్‌లో. తమ రుణ చరిత్రలో తప్పులుంటే జనం ఫిర్యాదు పెట్టుకునే చోటు అది. 1970ల నాటి వ్యవస్థకు వెబ్ తొడుగు వేసి నడుపుతున్నారు. మే 13న దొంగలు ఆ సందులోంచి లోపలికి వచ్చి, వెబ్ షెల్ అనే చిన్న ప్రోగ్రాములు నాటుకున్నారు. వెబ్ షెల్ అంటే బయట కూర్చుని బ్రౌజర్ ద్వారానే సర్వర్‌కు ఆజ్ఞలు ఇవ్వగలిగే దొంగ తలుపు.

ఏసీఐఎస్‌కు నిజానికి కావలసినవి మూడు డేటాబేసులే. కానీ వెతుకుతుంటే దొంగలకు ఒక ఫైలులో యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు తాళం లేకుండా మామూలు అక్షరాల్లో కనిపించాయి. వాటితో ఈ పోర్టల్‌కు సంబంధమే లేని మరో 48 డేటాబేసులు తెరుచుకున్నాయి. ఒక గది తాళంతో ఇల్లంతా తెరుచుకున్నట్టయింది. దాదాపు 9,000 క్వెరీలు నడిపితే 265 సార్లు వాళ్లకు వ్యక్తిగత వివరాలు చిక్కాయి. వాటిని చిన్న చిన్న ముక్కలుగా చేసి, మామూలు ఎన్‌క్రిప్టెడ్ ట్రాఫిక్‌లో కలిపి బయటికి పంపారు.

అలాంటి ట్రాఫిక్‌ను విప్పి చూసే పరికరం సంస్థ దగ్గర ఉంది. అది పనిచేయాలంటే చెల్లుబాటయ్యే డిజిటల్ సర్టిఫికెట్ కావాలి. దాని గడువు ఎప్పుడో తీరిపోయింది. ఎన్నాళ్ల క్రితం అన్న దగ్గర రెండు నివేదికలకూ పొంతన లేదు: ఒకటి 10 నెలలంటే, మరొకటి 19 నెలలంటుంది. గడువు తీరినప్పుడు ట్రాఫిక్‌ను ఆపేయకుండా, చూడకుండానే వదిలేసేలా ఆ పరికరాన్ని అమర్చారు. అందుకే పైకి అంతా సవ్యంగానే నడిచింది.

జులై 29న కొత్త సర్టిఫికెట్ వేశారు. వేయగానే అనుమానాస్పద ట్రాఫిక్ కనబడింది. అది వస్తున్న ఐపీ చిరునామాలను వెంటనే అడ్డుకున్నారు, కానీ మరునాడు కూడా ఆగలేదు. ఇక లాభం లేదని 30న పోర్టల్‌నే ఆఫ్‌లైన్ చేశారు. దాంతో దాడి ఆగింది. ఆగస్టు 2న ఎఫ్‌బీఐకి తెలియజేసి, పరిశోధనకు మాండియంట్ సంస్థను పిలిచారు.

తలుపు మూశాక ఏం పోయిందో తేల్చడం ఇంకా కష్టమైన పని. లాగ్‌లలో మిగిలిన జాడల నుంచి దొంగల క్వెరీలను తిరిగి కూర్చి, వేరే వ్యవస్థలో వాటిని మళ్లీ నడిపి, ఏ పట్టికలోంచి ఎవరి వివరాలు వచ్చి ఉంటాయో చూశారు. సెప్టెంబరు 7న 14.3 కోట్ల మంది అని ప్రకటించారు. తర్వాత అది 14.55 కోట్లయింది. 2018 మార్చిలో మరో 24 లక్షల మంది కలిశారు. వీళ్ల పేర్లు, డ్రైవింగ్ లైసెన్సు వివరాల్లో కొంత భాగం మాత్రమే పోయాయి. మొదట బాధితులను సోషల్ సెక్యూరిటీ నంబరు పట్టుకుని లెక్కించారు. వీళ్ల నంబర్లు ఆ పోయిన వివరాల్లో లేకపోవడంతో ఆ లెక్కకు అందలేదు.