బ్యాంకు లెక్కలో మూడు రోజులు

దేవరకొండ దగ్గర ఒక ఊరు అనుకుందాం. ఆ ఊరి అక్కకు బ్యాంకులో జీరో ఖాతా ఉంది. 2022 ఆగస్టు 12, శుక్రవారం నాడు ఆమె ఫోనుకు మెసేజి వచ్చింది. ఖాతాలోంచి 8,000 రూపాయలు పోయాయి. ఆమె తీయలేదు. ఎవరికీ నంబరు చెప్పలేదు.

అక్క మంగళవారం బ్యాంకుకు బయలుదేరింది. దారిలో ఒకామె ఆపింది.

"మూడొద్దుల్లో చెప్పాలంట గదా? శుక్రవారం, శనివారం, ఆయితారం. అయిపాయె. ఇంకెందుకు పోతున్నవ్?"

ఆమె మాట విని అక్క తిరిగి వస్తే డబ్బు పోయేదే. గడువు ఇంకా అయిపోలేదు.

రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఒక నియమం పెట్టింది. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడో మనిషి మోసం చేసి డబ్బు తీస్తే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పాలి. అప్పుడు నష్టం మన మీద పడదు. పనిదినం అంటే మన ఖాతా ఉన్న బ్రాంచి తెరిచి ఉండే రోజు. మెసేజి వచ్చిన రోజును లెక్కలో కలపరు.

ఇప్పుడు కేలండరు తీసి, సెలవులకు సున్నా చుట్టాలి. ముందుగా ఆదివారాలు. తర్వాత రెండో శనివారం, నాలుగో శనివారం. 2015 సెప్టెంబరు నుంచి ఈ రెండు శనివారాలు బ్యాంకులకు సెలవు. మిగతా శనివారాలు పనిదినాలే. రెండో శనివారం ఎప్పుడూ 8 నుంచి 14వ తేదీ లోపలే వస్తుంది. నాలుగోది 22 నుంచి 28 లోపల వస్తుంది. వరుసలు లెక్కబెడితే పొరపాటు పడవచ్చు గానీ ఈ తేదీలు చూస్తే పొరపాటు ఉండదు. చివరగా పండుగలు. కేలండరులో ఎర్రగా ఉన్న ప్రతి రోజూ బ్యాంకు మూసి ఉండదు. అందుకే పండుగ సెలవు బ్రాంచిలోనే అడగాలి.

అక్క లెక్క చూద్దాం. 12 శుక్రవారం, మెసేజి వచ్చిన రోజు, వదిలేయాలి. 13 రెండో శనివారం, సున్నా. 14 ఆదివారం, సున్నా. 15 సోమవారం, స్వాతంత్ర్య దినం, సున్నా. 16 మంగళవారం ఒకటి. 17 బుధవారం రెండు. 18 గురువారం మూడు.

అంటే గురువారం దాకా గడువు ఉంది. అక్క బయలుదేరింది మొదటి పనిదినం నాడే! నాలుగో పనిదినం నుంచి ఏడో పనిదినం లోపల చెప్పి ఉంటే, జీరో ఖాతా కాబట్టి 5,000 రూపాయల దాకా ఆమే భరించాల్సి వచ్చేది.

ఫోనుకు వచ్చిన ఓటీపీని మనమే ఎవరికైనా చెబితే మాత్రం ఈ మూడు రోజుల లెక్క పనికిరాదు. బ్యాంకుకు చెప్పేదాకా పోయిన డబ్బంతా మన నష్టమే.

గడువు ఉంది గదా అని ఆగవద్దు. బ్యాంకు మూసి ఉన్న రోజు కూడా 1930 నంబరుకు ఫోను చేయవచ్చు. బ్యాంకు ఫోను నంబరుకూ చెప్పాలి. వాళ్లు ఇచ్చే ఫిర్యాదు నంబరును, ఆ రోజు తేదీని పాసుబుక్కు వెనుక రాసి పెట్టుకోవాలి. ఏ రోజు చెప్పారన్న తగాదా వస్తే చూపేది అదే.