ఖారీ ప్యాకెట్లో పేరు లేని నువ్వులు

ప్యాకెట్ ఆహారం లేబుళ్ల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి. ఉప్పు, చక్కెర, రంగులు అంటూ రాయాల్సినవి చాలానే ఉన్నాయి. కానీ భవానీపురం నుంచి వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫొటో దగ్గరే ఆగిపోయాను.

"బాబుకి నువ్వులు పడవండీ. చిమ్మిలి తింటే పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఈ ఖారీ పెట్టొచ్చా? దీనిమీద నువ్వులని ఎక్కడా లేదు" అని ఆ ఫొటో పంపిన తల్లి అడిగారు.

నిజమే, లేదు. మైదా, వెజిటబుల్ ఫ్యాట్ (మార్జరిన్), చక్కెర, ఉప్పు, వాము అని ఉంది. కింద వేరే వరుసలో 'కంటెయిన్స్' అని గోధుమ, పాలు, సోయా. తిల్ అని గానీ, జింజెలీ అని గానీ, సెసమీ అని గానీ లేదు.

చాలామంది ఆ కింది వరుస ఒక్కటే చదివి ప్యాకెట్ విప్పేస్తారు. అక్కడే ప్రమాదం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ఆ వరుసలో తప్పక చెప్పాల్సినవి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్య పీత జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశెనగ, జీడిపప్పు బాదం లాంటి గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉన్న సల్ఫైట్లు. ఆ జాబితాలో నువ్వులు లేవు. ఆవకాయలో పప్పునూనె, పులిహోరలో నువ్వులపొడి వేసుకునే నేల ఇది. ఇక్కడ పిల్లవాడికి ఏది పడదో ఆ ఒక్క వరుసా చెప్పలేకపోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇక పైనున్న దినుసుల పట్టికలో నన్ను పట్టి నిలిపింది మార్జరిన్. ఏ నూనెతో చేశారన్నది పక్కన పెడితే, అందులో నువ్వులనూనె కలపమని చట్టమే చెప్పింది. 2011 ఆహార ప్రమాణాల నిబంధనల్లో వనస్పతికీ మార్జరిన్‌కీ బరువులో కనీసం 5 శాతం నువ్వులనూనె ఉండాలని రాసి ఉంది. రుచి కోసం కాదు, దొంగను పట్టడానికి. 1937లో డాల్డా వచ్చాక నెయ్యిలో వనస్పతి కల్తీ పెద్ద బెడదైంది, కంటికీ నాలుకకీ తేడా తెలియదు. అందుకని వనస్పతిలోనే ఒక ఆనవాలు పెట్టారు. అనుమానం వచ్చిన నెయ్యికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరల్ కలిపి కుదిపితే, నువ్వులనూనెలోని సెసమాల్ వల్ల ఎర్రరంగు తిరుగుతుంది. దీన్నే బాడ్విన్ పరీక్ష అంటారు. నెయ్యిని కాపాడటానికి పెట్టిన ఆ ఆనవాలు నువ్వులు పడనివాడి పళ్లెంలోకి చేరింది.

లేబుల్ మీద ఆ సంగతి ఉండదు. కొవ్వు ఏ రకమో చెప్తే చాలు కాబట్టి, 'మార్జరిన్' అన్న మాటతో సరిపోతుంది. ఖారీలో వంద గ్రాములకు 30 గ్రాముల మార్జరిన్ ఉందనుకుందాం. అందులో 5 శాతమంటే ఒకటిన్నర గ్రాముల నువ్వులనూనె.

అది హాని చేస్తుందా? అలర్జీ తెచ్చేవి నువ్వుల్లోని ప్రొటీన్లు. బాగా శుద్ధిచేసిన నూనెలో అవి బహు తక్కువ, పచ్చినూనెలో ఎక్కువ మిగులుతాయి. నిబంధన 'ముడిది లేదా శుద్ధిచేసినది' అని రెంటినీ అనుమతించింది. ఏది పోశారో ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా తెలియదు. అందుకే "పేరు లేదు కాబట్టి పెట్టండి" అని ఆవిడకి చెప్పలేకపోయాను.

కంపెనీకి రాయమన్నాను. "ఖారీలో నువ్వులు ఉన్నాయా?" అంటే "వాడమండీ" అని జవాబొచ్చింది, అది అబద్ధం కాదు. ప్రశ్న మార్చాం: "మీరు కొనే మార్జరిన్‌లో నువ్వులనూనె ఉందా? ముడిదా, శుద్ధిచేసిందా? అదే యంత్రం మీద నువ్వుల సరుకు చేస్తారా?" ఈసారి మార్జరిన్ తయారీదారు ఇచ్చిన వివరాల పత్రం పంపారు. అందులో తిల్ ఆయిల్ ఉంది. ముడిదో కాదో రాయలేదు. బాబుని చూసే అలర్జీ డాక్టరుకి ఆ పత్రం చూపించేదాకా ప్యాకెట్ పక్కన పెట్టారు.

ఫొటో తీసేవారికి

మడత కింద దాగిన అక్షరాలు కూడా రావాలి. పట్టిక మొదటి పదం నుంచి 'కంటెయిన్స్' వరుస దాకా తీసి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, తయారీదారు చిరునామా మరో ఫొటోలో పంపండి. పాత ప్యాకెట్ ఫొటో కొత్త ప్యాకెట్‌కి పనికిరాదు, దినుసులు మారుతుంటాయి.

పొడి చల్లిన చిరుతిళ్లు

రెండు మూడు దినుసులతో ముందే చేసి కలిపిన పొడి మొత్తంలో 5 శాతం లోపుంటే, సంకలితాలు తప్ప దాని లోపలి దినుసులు రాయనక్కర్లేదు. వంద గ్రాముల మిక్చర్‌లో 4 గ్రాముల కారప్పొడి ఉండి, అందులో పావు వంతు నువ్వులైతే, గ్రాము నువ్వులు పేరు లేకుండానే లోపలికి వెళ్తాయి.

బయటి దేశాల్లో

అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల పేరు లేబుల్ మీద తప్పనిసరి. యూరప్ జాబితాలో నువ్వులతోపాటు ఆవాలు కూడా ఉన్నాయి.