అడుగున ఉన్న లింకు కాదు, పైనున్న బటన్

ప్రచారానికి వచ్చిన ఈమెయిల్ ఏదైనా తెరిచి కిందికంటా జరిపితే, చిన్న అక్షరాల్లో, కనీకనపడని బూడిదరంగులో Unsubscribe అనే లింకు కనిపిస్తుంది. ఇకమీద నాకు పంపొద్దు అని చెప్పడానికి పెట్టిన లింకు అది. మీరు చీర కొన్న దుకాణమో, టికెట్ కొన్న విమాన కంపెనీయో పంపిన ఉత్తరంలో అయితే అది చెప్పిన పనే చేస్తుంది. కానీ పూచీకత్తు లేకుండా లోన్ ఇస్తానంటూ రాసే మోసగాడు కూడా అదే లింకును, అదే రంగులో, అదే చోట పెడతాడు. చూడ్డానికి తేడా ఉండదు.

ఆ లింకు లోపల ఏముంటుందో ఒక నమూనా చూద్దాం.

```
https://news.example.com/u?id=8f3a91c2&m=0417
```

ఇందులో id తర్వాత ఉన్న అక్షరాలూ అంకెలూ మీ ఒక్కరికే కేటాయించినవి. అదే ఉత్తరం పక్కింటివాళ్లకు వెళ్తే అక్కడ వేరే అంకెలు ఉంటాయి. కాబట్టి మీరు పేజీలో ఏమీ టైప్ చేయనక్కర్లేదు. పేజీ తెరుచుకోగానే ఏ చిరునామా మనిషి నొక్కాడో అవతల నమోదైపోతుంది. దుకాణానికి ఇది కొత్త సంగతి కాదు, మీ చిరునామా మీరే ఇచ్చారు కదా. స్పామ్ పంపేవాడి సంగతి వేరు. వాడి దగ్గర ఎక్కడెక్కడో లీకైన చిరునామాలు లక్షల్లో ఉంటాయి, వాటిలో ఎవరూ తెరిచి చూడనివే ఎక్కువ. ఉత్తరం వెనక్కి రాలేదంటే చిరునామా ఉందని మాత్రమే వాడికి తెలుస్తుంది. మీరు నొక్కితే, దాని వెనుక చెత్త ఉత్తరాన్ని కూడా చివరిదాకా చదివే మనిషి ఉన్నాడని తెలుస్తుంది. అలాంటి చిరునామాను ఇంకొకడికి అమ్ముకోవచ్చు. ‘నాకు వద్దు, ఆపండి’ అని జవాబు రాసినా ఇదే జరుగుతుంది.

నా లెక్కలో అంతకంటే పెద్ద ప్రమాదం ఆ లింకు తీసుకెళ్లే పేజీ. ‘మీ పేరు తొలగించడానికి ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇవ్వండి’ అనో, ‘ఫోన్‌కు వచ్చిన ఓటీపీ రాయండి’ అనో అడుగుతుంది. జాబితాలోంచి పేరు తీయడానికి ఈ రెండూ ఎవరికీ అవసరం లేదు. అమెరికాలో 2003లో చేసిన క్యాన్-స్పామ్ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది: వద్దన్నవారిని ఈమెయిల్ చిరునామాకు మించి వ్యక్తిగత వివరాలు అడగకూడదు, ఒక్క పేజీకి మించి తిప్పకూడదు, 10 పనిదినాల్లో ఆపేయాలి. మన దేశంలో 1909కు చెప్పి ఆపించుకునేది ప్రచార కాల్స్, ఎస్సెమ్మెస్‌లను మాత్రమే. ఈమెయిల్‌కు అలాంటి నంబరు లేదు.

మరి నొక్కకుండా ఆపేదెలా? అడుగున ఉన్న లింకును వదిలేసి, మీ ఈమెయిల్ సర్వీసు తానుగా చూపించే బటన్ వాడాలి. జీమెయిల్‌లో పంపినవారి పేరు దగ్గరే పైన Unsubscribe అని కనిపిస్తుందే, అది ఉత్తరం రాసినవాడు గీసిన బొమ్మ కాదు, జీమెయిల్ పెట్టినది. ప్రతి ఉత్తరానికీ మనకు కనపడని తలకట్టు ఒకటి ఉంటుంది. ఎలా ఆపాలో అందులో రాసే పద్ధతి 1998 నుంచీ ఉంది. 2017లో దానికి ఒకే నొక్కుతో పనయ్యే పద్ధతిని జోడించారు. ఇందులో ఈ రెండు వరుసలు ఉంటాయి.

```
List-Unsubscribe: <https://news.example.com/u?id=8f3a91c2>
List-Unsubscribe-Post: List-Unsubscribe=One-Click
```

ఇవి ఉన్నప్పుడు మీరు పైబటన్ నొక్కితే, ‘ఈయనను తీసేయండి’ అనే కబురును పంపేది మీ ఫోన్ కాదు, మీ మెయిల్ సర్వీసే. మీ బ్రౌజర్‌లో ఏ పేజీ తెరుచుకోదు, మీరెక్కడినుంచి నొక్కారో అవతలికి తెలియదు, పాస్‌వర్డ్ అడిగే అవకాశమే ఉండదు. రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు పంపే వ్యాపారులు ప్రచార ఉత్తరాల్లో ఈ ఏర్పాటు పెట్టి తీరాలని, వద్దన్నవారిని రెండు రోజుల్లో తీసేయాలని 2024లో గూగుల్ షరతు పెట్టింది. యాహూ కూడా అదే దారి పట్టింది. అందుకే ఈమధ్య ఆ బటన్ అంతటా కనిపిస్తోంది.

అన్నిసార్లూ ఇంత శుభ్రంగా జరగదు. కొందరు పాత పద్ధతిలోనే ఉన్నారు. అప్పుడు పైబటన్ నొక్కినా, వాళ్ల వెబ్‌సైట్‌కు వెళ్లమని జీమెయిల్ అడుగుతుంది. అక్కడ ఆగి, ఆ కంపెనీ మీకు తెలిసినదేనా అని చూసుకోండి. తెలిసినదైతే వెళ్లొచ్చు. కాదంటే ఆ పెట్టె మూసేసి స్పామ్‌గా ఫిర్యాదు చేయండి.

ఒకేసారి చాలావాటిని వదిలించుకోవడం ఎలాగో మా పిన్ని మెయిల్ పెట్టెతో చెప్తాను. ఆవిడ రిటైరైన టీచరు. ‘స్టోరేజీ నిండిపోయింది, కొత్త ఉత్తరాలు రావు’ అని ఫోన్‌లో హెచ్చరిక వచ్చింది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఫొటోలూ ఉత్తరాలూ రెండూ పడతాయి. ‘ఒరేయ్, అన్నీ ఒక్కదెబ్బతో తీసేసేదేదైనా ఉందేమో చూడరా’ అంది.

ఉంది, కాకపోతే ఒక్కదెబ్బ కాదు. జీమెయిల్‌లో ఎడమవైపు మెనూ తెరిచి కిందికి వెళ్తే Manage subscriptions అని ఉంటుంది. 2025లో వచ్చిన సదుపాయం ఇది. ఔట్‌లుక్‌లోనూ యాహూలోనూ ఇలాంటిదే Subscriptions పేరుతో దొరుకుతుంది. నొక్కితే ఎవరెవరు క్రమం తప్పకుండా పంపుతున్నారో, ఎక్కువ పంపేవారు ముందుగా, వరుసగా కనిపిస్తారు. పిన్ని జాబితాలో పైన ఉన్నది పెళ్లిసంబంధాల సైటు. కూతురి పెళ్లయి మనవడు బడికి కూడా వెళ్తున్నాడు, సంబంధాలు మాత్రం రోజూ వస్తూనే ఉన్నాయి. తర్వాత ఉద్యోగాల సైటు, రెండు చీరల దుకాణాలు, ఒక మందుల యాప్. వీటన్నిటికీ చిరునామా ఇచ్చింది తనే. కాబట్టి పేరు పక్కనున్న బటన్ నొక్కుకుంటూ పోవడమే, ఒక్క ఉత్తరమూ తెరవనక్కర్లేదు.

మధ్యలో బ్యాంకు పేరు వచ్చింది. ‘ఇది తీసేస్తే పెన్షన్ పడినట్టు చెప్పడం మానేస్తుందా?’ అంది. మామూలుగా మానదు. ప్రచారానికి ఒక జాబితా, లావాదేవీల సమాచారానికి ఇంకొకటి ఉంటాయి. మొదటిదాన్ని ఆపితే రెండోది ఆగకూడదు. కానీ విసుగుతో బ్యాంకు ఉత్తరాన్ని స్పామ్ అని కొట్టడం మాత్రం తప్పు. ఆ తర్వాత అసలైన హెచ్చరిక కూడా స్పామ్ పెట్టెలో పడి కనిపించకుండా పోవచ్చు.

ఆ జాబితా అయిపోయాక పాత కుప్ప మిగులుతుంది. వెతికే చోట ఇలా టైప్ చేయండి.

```
category:promotions older_than:1y
```

ఏడాది దాటిన ప్రచార ఉత్తరాలన్నీ వస్తాయి. కంప్యూటర్‌లో అయితే పైనున్న గడిలో టిక్కు పెట్టాక, ఈ వెతుకులాటకు తగిలినవన్నీ ఎంచుకోమంటారా అని ఇంకో వరుస కనిపిస్తుంది. దాన్ని నొక్కి తొలగించండి. ముందు ఒకసారి పైపైన చూడండి, టికెట్లూ రసీదులూ అప్పుడప్పుడు ఇందులోకి జారుతుంటాయి. పొరబాటున పోయినా బుట్టలో 30 రోజులు ఉంటాయి.

వారం పది రోజులు గడిచాక from: తర్వాత ఆ కంపెనీ చిరునామా, పక్కన newer_than:7d అని రాసి వెతికితే మాట విన్నారో లేదో తెలిసిపోతుంది. ఇంకా వస్తుంటే మళ్లీ బతిమాలొద్దు. స్పామ్ అని ఫిర్యాదు చేసి, బ్లాక్ చేయండి. పెద్దయెత్తున పంపేవారి ఉత్తరాల్లో స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి, అంటే వెయ్యికి మూడుకు చేరకూడదని గూగుల్ నిబంధన. మీ ఒక్క ఫిర్యాదుకూ అక్కడ బరువుంటుంది.

అసలు ఎప్పుడూ పేరు వినని, మీరు చిరునామా ఇవ్వని వారి ఉత్తరాల దగ్గర బటన్ కూడా వద్దు. తలకట్టులో ఆ రెండు వరుసలు మోసగాడూ రాయగలడు. స్పామ్‌గా ఫిర్యాదు చేసేటప్పుడు జీమెయిల్ కొన్నిసార్లు రెండు దారులు చూపిస్తుంది: ఫిర్యాదు చేసి జాబితాలోంచి కూడా తప్పుకోవడం, లేదా ఫిర్యాదు ఒక్కటే. తెలియనివారికి Report spam ఒక్కటే నొక్కండి. అప్పటికే స్పామ్ పెట్టెలో ఉన్నవాటిని ముట్టుకోనక్కర్లేదు, 30 రోజులకు వాటంతటవే పోతాయి. అనుమానం వస్తే పంపిన చిరునామా చివరి భాగం చూడండి. yourbank.com.rewards.example అని ఉంటే అది మీ బ్యాంకు కాదు, rewards.example అనేవాడు. మొదట్లో ఏ పేరైనా పెట్టుకోవచ్చు, యజమాని ఎవరో చెప్పేది చివరి భాగం.

ఉత్తరంలోని బొమ్మ కూడా కబురు మోస్తుంది. కంటికి కనపడనంత చిన్న చిత్రం పెడతారు, అది లోడైతే ఉత్తరం తెరిచినట్టు లెక్క. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్‌కు వెళ్లి, Images దగ్గర Ask before displaying external images ఎంచుకుంటే, మీరు అడిగితే తప్ప చిత్రాలు రావు.

ఇక, మొత్తం పని మేమే చేసిపెడతాం, మీ మెయిల్ పెట్టె తాళం మాకివ్వండి అనే యాప్‌లు ఉన్నాయి. వాటి సంగతి తెలియాలంటే అన్‌రోల్.మీ కథ చాలు. ఉచితంగా అన్‌సబ్‌స్క్రయిబ్ చేసిపెట్టే ఈ సర్వీసు, వాడేవారి పెట్టెల్లోని కొనుగోలు రసీదుల వివరాలను మాతృసంస్థకు అందిస్తోందని, వాటితో మార్కెట్ విశ్లేషణల వ్యాపారం జరుగుతోందని తేలింది. మీ సొంత విషయాల జోలికి రామని నమ్మబలికినందుకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంటే, 2019లో రాజీకి వచ్చింది. మెయిల్ సర్వీసులోనే ఈ సదుపాయం ఉన్నప్పుడు మూడోవాడికి తాళం ఇవ్వాల్సిన పనేమీ నాకు కనిపించదు.

చివరగా, ఈ పద్ధతులేవీ వాడకూడని సందర్భం ఒకటి ఉంది. ఉన్నట్టుండి ఒక గంటలో వందల ఉత్తరాలు, ఏవేవో దేశాల, భాషల సైట్లనుంచి ‘మీ సభ్యత్వం ధ్రువీకరించండి’ అంటూ వచ్చిపడితే అది మామూలు ప్రచారం కాదు. మీ చిరునామాను ఎవరో యంత్రంతో అన్నిచోట్లా నమోదు చేస్తున్నారు. ఆ వరదలో మీ కంట పడకూడని ఉత్తరం ఒకటుంటుంది: మీ కార్డుతో ఏదో కొన్నారనో, పాస్‌వర్డ్ మారిందనో వచ్చిన సమాచారం. అప్పుడు ఒక్కొక్కటే ఆపుతూ కూర్చోకండి. ధ్రువీకరించకపోతే ఆ జాబితాల్లో చాలావరకు మిమ్మల్ని చేర్చుకోవు. ముందు బ్యాంకు ఖాతా, కార్డులు, షాపింగ్ ఖాతాలు చూసుకోండి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. డబ్బు పోయిందని తేలితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.