246 అంటే సగం జవాబే!

డేటా అనలిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లారు. ఎదురుగా కూర్చున్న మేనేజర్ ఇలా అడిగారనుకోండి.

‘మా కస్టమర్ కేర్ విభాగం క్లయింటుకు ఒక మాట ఇచ్చింది. ఫిర్యాదుల్లో 80 శాతం ఒక్క రోజులోనే పరిష్కరిస్తామని. ఈమధ్య అది 75కి పడిపోయిందేమోనని అనుమానం. సిస్టంలో క్లోజ్ అయినట్టు కనిపించినంత మాత్రాన నమ్మలేం. కస్టమర్లకే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఎంతమందికి చేయాలి?’

‘ఓ వంద మందికి చేద్దాం సార్’ అని కొందరు అనేస్తారు. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు కాస్త లెక్క వేసి ‘246’ అంటారు. రెండోది చూడటానికి పక్కా జవాబులా ఉంటుంది. కానీ చిక్కంతా అందులోనే ఉంది.

246 ఎక్కడి నుంచి వచ్చింది?

సర్వేల పాఠంలో మనం నేర్చుకునే సూత్రం ఇది. 1.96ను వర్గం చేసి, 0.80 × 0.20తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 245.9 వస్తుంది. అంటే 246. ఈ సూత్రం చెప్పేదేమిటంటే, ‘అసలు శాతం ఎంతో అంచనా వేయాలి, అటూ ఇటూ 5 పాయింట్లకు మించి తేడా రాకూడదు’ అన్నప్పుడు ఎంతమంది కావాలో.

మేనేజర్ అడిగింది అది కాదు. 80 అన్న ప్రమాణం నుంచి శాతం నిజంగా జారిపోతే, ఆ సంగతి మనకు తెలియాలి అంటున్నారు. ఇది అంచనా కాదు, పరీక్ష. ఇందులో తప్పు రెండు రకాలుగా జరగొచ్చు. అంతా సవ్యంగా ఉన్నా ‘మారింది’ అనడం ఒకటి. నిజంగా పడిపోయినా కనిపెట్టలేకపోవడం రెండోది. మొదటి తప్పును సాధారణంగా 5 శాతానికి పరిమితం చేస్తాం. 1.96 వచ్చేది అందుకే. మార్పు నిజంగా ఉన్నప్పుడు పట్టుకునే అవకాశాన్ని ‘పవర్’ అంటారు. 246 లెక్కలో ఆ పవర్ ఊసే లేదు.

బొమ్మా బొరుసా?

ఇప్పుడు 246 మందికి ఫోన్ చేశామనుకుందాం. 80 శాతం నిజమే అయినా శాంపిల్‌లో సరిగ్గా 80 రాదు, కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటను లెక్కలోకి తీసుకుంటే, శాంపిల్ శాతం 75 లేదా అంతకంటే తక్కువ వస్తేనే ‘పడిపోయింది’ అని చెప్పగలం. అంటే మన గీత సరిగ్గా 75 దగ్గర పడింది.

అసలు శాతం నిజంగానే 75కి పడిపోయిందనుకోండి. అప్పుడు శాంపిల్ ఫలితాలు 75 చుట్టూ ఊగుతాయి. దాదాపు సగం సార్లు గీత కింద, సగం సార్లు గీత పైన. కింద పడితే పట్టుకుంటాం, పైన పడితే ‘ఏమీ మారలేదు’ అని రిపోర్టు ఇచ్చేస్తాం. అంటే పవర్ సుమారు 50 శాతమే. 246 ఫోన్లు చేసి నాణెం ఎగరేసినట్టు! ఇక వంద మందితోనే సరిపెడితే, నాలుగుసార్లలో ఒకసారి మాత్రమే దొరుకుతుంది.

సరైన లెక్క

మరి ఏం చేయాలి? శాంపిల్ పెంచితే ఊగిసలాట తగ్గుతుంది, గీత 80 వైపు జరుగుతుంది. నిజంగా 75 అయినప్పుడు వచ్చే ఫలితాల్లో కనీసం 80 శాతం గీత కిందికి చేరేదాకా పెంచాలి. దానికి సూత్రం ఇదిగో:

```
n = ((za*sqrt(p0*(1-p0)) + zb*sqrt(p1*(1-p1))) / (p0-p1))**2
```

ఇందులో `p0` ప్రమాణం, అంటే 0.80. `p1` మనం పట్టుకోవాలనుకునే విలువ, 0.75. శాతం పెరిగినా తగ్గినా చూడాలనుకుంటే, 5 శాతం తప్పుకు `za` 1.96. 80 శాతం పవర్‌కు `zb` 0.842.

మొదటి భాగం 1.96 × 0.4 = 0.784. రెండో భాగం 0.842 × 0.433 = 0.365. కలిపితే 1.149. దాన్ని 0.05తో భాగించి వర్గం చేస్తే 528 దగ్గరకు వస్తుంది. చేత్తో చేస్తే దశాంశాల వల్ల ఒకటి అటూ ఇటూ కావచ్చు, అందుకే పైథాన్‌లో సరిచూసుకోండి:

```
from math import ceil, sqrt
from scipy.stats import norm
p0, p1 = 0.80, 0.75
za, zb = norm.ppf(0.975), norm.ppf(0.80)
n = ((za*sqrt(p0*(1-p0)) + zb*sqrt(p1*(1-p1))) / (p0-p1))**2
print(ceil(n))   # 528
```

528 మందిలో ఒక్క రోజులో పని అయిందన్నవాళ్లు 404 లేదా అంతకంటే తక్కువ ఉంటే, ప్రమాణం తప్పిందని ధైర్యంగా చెప్పొచ్చు. 405 వస్తే చెప్పలేం. అలాగని 80 శాతం నిలబడిందని రుజువైనట్టూ కాదు. ‘5 పాయింట్లు పడిపోయి ఉంటే 80 శాతం అవకాశంతో దొరికేది, మాకు ఆధారం దొరకలేదు’ అనడమే నిజాయతీగల రిపోర్టు.

ఎదురు ప్రశ్న వేయండి

ఫోన్‌కు పది నిమిషాల చొప్పున 528 అంటే 88 గంటలు. ఒక మనిషికి 11 రోజుల పని. ‘అంత వీలుకాదు’ అని మేనేజర్ అంటే తొణకొద్దు. ‘ఎంత తేడా వస్తే మీకు నష్టం సార్?’ అని అడగండి. 80 నుంచి 70కి పడితేనే పట్టించుకుంటామంటే 137 చాలు. తేడా రెట్టింపైతే శాంపిల్ దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. అదే 75ను 90 శాతం పవర్‌తో పట్టుకోవాలంటే 718 కావాలి. ఈ తేడాను పనికి ఎంత ముఖ్యమో చూసి, ఫోన్లు మొదలుపెట్టకముందే నిర్ణయించాలి. ఫలితం వచ్చాక దానికి తగ్గట్టు `p1` మార్చితే లెక్కకు అర్థం ఉండదు.

ఉద్యోగంలో చేరాక తగిలే చిక్కులు మరో రెండున్నాయి. 528 అంటే జవాబు ఇచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు కాదు. వందలో 15 మంది ఫోన్ ఎత్తరనుకుంటే, 528ని 0.85తో భాగించి 622 నంబర్లు తీసుకోవాలి. ఎత్తనివాళ్ల అనుభవం ఎత్తినవాళ్లలాంటిదేనా అన్న సందేహం మాత్రం ఎంత పెద్ద జాబితాతోనూ తీరదు. రెండోది, 300 కాగానే ఫలితం చూసి ‘తేలిపోయింది’ అని ఆపేయడం. అలా మధ్యమధ్యలో చూసి ఆపుకుంటూ పోతే, 5 శాతం అనుకున్న మొదటి తప్పు మనకు తెలియకుండానే పెరిగిపోతుంది.

అందుకే ఈసారి ‘ఎంతమంది?’ అని అడిగితే వెంటనే అంకె చెప్పకండి. ప్రమాణం ఎంత, పట్టుకోవాల్సిన తేడా ఎంత, ఏ తప్పుకు ఎంత అవకాశం ఇవ్వొచ్చు అని అడిగాకే పెన్ను తీయండి. 246 అనేవారికీ 528 అనేవారికీ తేడా తెలిసేది అక్కడే.