యూరియా చక్రం ఐదు వరసల్లో

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో యూరియా చక్రం పాఠం వచ్చిందంటే బోర్డు మీద ఓ పెద్ద వృత్తం పడుతుంది. దాని చుట్టూ బాణాలు, బాణాల మీద ఎంజైముల పేర్లు, పక్కనుంచి వచ్చి కలిసే చిన్న వంపు గీతలు, మధ్యలో మైటోకాండ్రియా గోడను చూపే చుక్కల గీత. విద్యార్థులు దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంటారు, పరీక్షల ముందు మళ్లీ మళ్లీ గీస్తారు. అయినా వైవాలో "బిడ్డ రక్తంలో సిట్రులిన్ విపరీతంగా పెరిగింది, ఏ ఎంజైము లోపించినట్టు?" అని అడిగితే తడబడతారు. బొమ్మ గుర్తుంటుంది కానీ, ఆ ప్రశ్నకు జవాబు అందులో ఎక్కడుందో తెలియదు.

అదే బొమ్మను మెట్టుకో వరస చొప్పున పట్టికగా రాసుకుంటే సంగతి మారుతుంది. బాణం గీసేటప్పుడు దాటేసిన ప్రశ్నలన్నీ ఖాళీ గడులై ఎదురుగా నిలబడతాయి. ఈ చర్య కణంలో ఎక్కడ జరుగుతుంది? ఏవి ఖర్చవుతాయి? ఏ లోహం తోడుండాలి? వేగాన్ని ఎవరు అదుపు చేస్తారు? ఎంజైము లేకపోతే ఏ జబ్బు?

ముందు చక్రం చేసే పనేమిటో చూద్దాం. పప్పు, గుడ్డు, మాంసం ద్వారా అందిన ప్రొటీన్ విరిగినప్పుడు అందులోని నైట్రోజన్ అమ్మోనియాగా బయటపడుతుంది. అది మెదడుకు విషం. కాలేయం దాన్ని యూరియాగా మార్చేస్తే మూత్రంలో పోతుంది. 1932లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హాన్స్ క్రెబ్స్, వైద్య విద్యార్థి కర్ట్ హెన్సెలైట్ ఎలుక కాలేయపు పల్చటి ముక్కల మీద ప్రయోగాలు చేసి ఈ దారిని కనిపెట్టారు. కొద్దిగా ఆర్నిథిన్ కలిపితే చాలు, యూరియా తయారీ జోరందుకుంది. ఆర్నిథిన్ మాత్రం ఖర్చు కాలేదు. అంటే అది చివర్లో మళ్లీ పుడుతోందన్నమాట. ఇది చక్రమని వాళ్లకు తోచింది అలాగే.

పట్టిక ఇలా వస్తుంది:

| మెట్టు, చోటు | ఎంజైము | ఖర్చయ్యేవి | తయారయ్యేవి | తోడుండే లోహం | నియంత్రణ | లోపిస్తే |
|---|---|---|---|---|---|---|
| 1. మైటోకాండ్రియా | కార్బమాయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్-1 | అమ్మోనియా, బైకార్బొనేట్, 2 ఏటీపీ | కార్బమాయిల్ ఫాస్ఫేట్ | మెగ్నీషియం | ఎన్-ఎసిటైల్ గ్లుటమేట్ | సీపీఎస్-1 లోపం |
| 2. మైటోకాండ్రియా | ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్ | కార్బమాయిల్ ఫాస్ఫేట్, ఆర్నిథిన్ | సిట్రులిన్ | — | — | ఓటీసీ లోపం |
| 3. సైటోసాల్ | ఆర్జినినోసక్సినేట్ సింథటేజ్ | సిట్రులిన్, అస్పార్టేట్, 1 ఏటీపీ | ఆర్జినినోసక్సినేట్, ఏఎంపీ | మెగ్నీషియం | — | సిట్రులినీమియా |
| 4. సైటోసాల్ | ఆర్జినినోసక్సినేట్ లయేజ్ | ఆర్జినినోసక్సినేట్ | ఆర్జినిన్, ఫ్యూమరేట్ | — | — | ఆర్జినినోసక్సినిక్ యాసిడూరియా |
| 5. సైటోసాల్ | ఆర్జినేజ్ | ఆర్జినిన్, నీరు | యూరియా, ఆర్నిథిన్ | మాంగనీస్ | — | ఆర్జినేజ్ లోపం |

ఈ పట్టికలో ఎక్కువగా తప్పు పోయేది మొదటి వరసలోనే. ఎన్-ఎసిటైల్ గ్లుటమేట్‌ను చాలామంది లోహాల పక్కన, కోఫాక్టర్ల గడిలో రాసేస్తారు. అది ఉండాల్సింది నియంత్రణ గడిలో. అది చర్యలో పాల్గొనదు, ఖర్చు కాదు; ఎంజైముకు అతుక్కుని దాన్ని పనికి లేపుతుంది, అంతే. అది లేకపోతే ఎంజైము దాదాపు నిద్రపోతున్నట్టే. ప్రొటీన్ ఎక్కువగా తిన్నప్పుడు గ్లుటమేట్, ఆర్జినిన్ పెరుగుతాయి, వాటితో పాటు ఈ సంకేతమూ పెరుగుతుంది. దాన్ని తయారుచేసే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లలుంటారు. వాళ్లలో పట్టికలోని ఐదు ఎంజైములూ సవ్యంగానే ఉన్నా అమ్మోనియా పెరిగిపోతుంది. అదే పోలికలున్న కార్గ్లూమిక్ యాసిడ్ అనే మందు ఇస్తే మొదటి ఎంజైము మళ్లీ లేస్తుంది. గడి మారితే ఈ వైద్యం ఎందుకు పనిచేస్తుందో అర్థం కాదు.

ఏటీపీ గడిని కూడా నిదానంగా చదవాలి. అది తోడుండేది కాదు, ఖర్చయ్యేది. కూడితే మూడు అణువులు కనిపిస్తాయి, పుస్తకాలేమో నాలుగు అధికశక్తి బంధాలు అంటాయి. తేడా మూడో వరసలో ఉంది. అక్కడ ఏటీపీ ఏడీపీ దగ్గర ఆగకుండా ఏఎంపీ దాకా దిగుతుంది, అంటే రెండు బంధాలు పోయినట్టు. అస్పార్టేట్ సంగతీ అంతే. బొమ్మలో అది పక్కనుంచి వచ్చే చిన్న వంపు గీత. పట్టికలో పెడితే యూరియాలోని రెండు నైట్రోజన్లలో ఒకటి అమ్మోనియా నుంచి, రెండోది అస్పార్టేట్ నుంచి వస్తాయని తెలుస్తుంది.

పట్టికకు అసలు పని జబ్బును గుర్తించే దగ్గర పడుతుంది. కాలువకు ఒకచోట అడ్డుకట్ట పడితే ఎగువన నీరు నిలుస్తుంది, దిగువన ఎండుతుంది. వరసల్నీ అలాగే చదవాలి.

పుట్టినప్పుడు బాగానే ఉన్న పసివాడు రెండో రోజుకో మూడో రోజుకో పాలు తాగడం మానేశాడనుకుందాం. వాంతులు, మగత, వేగంగా ఊపిరి. నవజాత శిశువులో అమ్మోనియా లీటరుకు సుమారు 100 మైక్రోమోల్స్ లోపు ఉండాలి. ఈ బిడ్డకు అది వందల్లో, ఒక్కోసారి వెయ్యి పైన ఉంటుంది. తర్వాత చూడాల్సింది సిట్రులిన్. అది బాగా తగ్గిపోతే అడ్డు దానికి ఎగువన, అంటే ఒకటో రెండో వరసలో ఉందని అర్థం. విపరీతంగా పెరిగితే మూడో వరస. ఓ మాదిరిగా పెరిగి, తోడుగా ఆర్జినినోసక్సినేట్ కనిపిస్తే నాలుగో వరస. ఐదోది లోపిస్తే ఆర్జినిన్ పెరుగుతుంది. ఆ జబ్బు సాధారణంగా పసితనంలో స్పృహ తప్పించదు, కొన్నేళ్లకు కాళ్లు బిగుసుకుపోవడంతో బయటపడుతుంది.

ఇక మిగిలింది ఒకటో రెండో తేల్చడం. రెండో ఎంజైము లేకపోతే కార్బమాయిల్ ఫాస్ఫేట్ మైటోకాండ్రియాలో పేరుకుని బయటికి కారి, పిరిమిడిన్లు తయారయ్యే వేరే దారిలో పడుతుంది. అక్కడ ఒరోటిక్ యాసిడ్‌గా మారి మూత్రంలో కనిపిస్తుంది. మొదటి ఎంజైమే లేకపోతే కార్బమాయిల్ ఫాస్ఫేట్ పుట్టదు కాబట్టి ఒరోటిక్ యాసిడ్ పెరగదు. పెరిగితే ఓటీసీ లోపం. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో జబ్బు తీవ్రంగా వస్తుంది. తల్లి వైపు మేనమామలెవరైనా పసితనంలోనే పోయారా అని డాక్టర్లు అడిగేది అందుకే. జబ్బు గడిలో వంశపారంపర్య రీతిని కూడా ఒక ముక్కలో రాసుకోవడం మంచిది.

చికిత్సకూ దారి అక్కడే దొరుకుతుంది. మొదటి నాలుగు వరసల్లో ఎక్కడ అడ్డుపడినా దిగువన ఆర్జినిన్ తయారీ పడిపోతుంది. కాబట్టి బయటినుంచి ఆర్జినినో, ఒకటి రెండు వరసల లోపాల్లో సిట్రులినో ఇస్తారు. ఐదో లోపంలో మాత్రం ఆర్జినిన్ ఇవ్వకూడదు, అక్కడ పేరుకుంటున్నది అదే కదా.

అయితే బొమ్మ చూపేదాన్ని పట్టిక దాచేసే చోట్లు కొన్ని ఉన్నాయి. వరసలు పైనుంచి కిందికి పోతాయి కాబట్టి ఐదో మెట్టులో పుట్టిన ఆర్నిథిన్ తిరిగి రెండో మెట్టుకు వెళ్లడం కంటికి ఆనదు. అది వెళ్లాలంటే మైటోకాండ్రియా గోడ దాటాలి, అందుకో రవాణా ప్రొటీన్ కావాలి. అది ఎంజైము కాదు కాబట్టి దానికి వరసే లేదు. కానీ అది పాడైనా అమ్మోనియా పెరుగుతుంది, ఆర్నిథిన్ రక్తంలో పేరుకుంటుంది, హోమోసిట్రులిన్ మూత్రంలో కనిపిస్తుంది. దాన్నే హెచ్‌హెచ్‌హెచ్ సిండ్రోమ్ అంటారు. ఒరోటిక్ యాసిడ్ పక్కదారికీ పట్టికలో చోటు లేదు. ఈ రెండిటినీ పట్టిక కింద విడిగా రెండు వాక్యాలుగా రాసుకోవాలి.

పట్టిక సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి దాన్ని చూస్తూ బొమ్మను తిరిగి గీయడమే పరీక్ష. ఒక వరసలో తయారైనది తర్వాతి వరసలో ఖర్చవ్వాలి, లేదా యూరియా, ఫ్యూమరేట్ లాగా చక్రం బయటికి పోవాలి. సిట్రులిన్ మైటోకాండ్రియాలో పుట్టి సైటోసాల్‌లో ఖర్చవుతోంది కాబట్టి రెండు, మూడు వరసల మధ్య గోడ దాటే బాణం పడాలి. ఐదో వరస నుంచి రెండో వరసకు ఆర్నిథిన్ బాణం ఎదురుదిశలో పడాలి. ఈ రెండూ పడకుండా వృత్తం పూర్తయినట్టు కనిపిస్తే, చోటు రాసిన మొదటి గడిలో పొరపాటు వెతకాలి.